చిన్నగా ఉన్న బిడ్డ, చిక్కిపోతున్న బిడ్డ

35 వారాలు నిండిన ఇద్దరు గర్భిణులు ఒకే రోజు గ్రోత్ స్కాన్ చేయించుకున్నారనుకుందాం. ఇద్దరి రిపోర్టులోనూ బిడ్డ అంచనా బరువు ఒకటే, 2,080 గ్రాములు. వయసుకు తగ్గ బరువు లేదని, పదో పర్సంటైల్ కన్నా తక్కువగా ఉందని ఇద్దరికీ రాశారు. ఇంటికి వెళ్ళాక రెండిళ్ళలోనూ వినిపించే మాట కూడా ఒకటే. "సరిగ్గా తినడం లేదు, అందుకే బిడ్డ ఎదగలేదు."

ఈ ఇద్దరిలో మొదటి ఆమె కడుపులోని బిడ్డకి ఏ లోపమూ లేదు. తల్లిదండ్రుల ఒడ్డూ పొడుగూ చిన్నవి, బిడ్డా చిన్నదే. రెండో ఆమె బిడ్డకి మాయ నుంచి అందాల్సిన ఆక్సిజన్, పోషకాలు సరిపడా అందడం లేదు. ఆ బిడ్డని నెలలు నిండేదాకా అలాగే వదిలేస్తే కడుపులోనే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. మొదటి బిడ్డని భయపడి తొందరగా బయటికి తీస్తే అక్కర్లేని కష్టం పెట్టినట్టవుతుంది. ఈ ఇద్దరు తల్లులు ఉదాహరణ కోసం కల్పించుకున్నవాళ్ళే. వాళ్ళ అంకెలు మాత్రం స్కాన్ గదుల్లో రోజూ కనిపించేలాంటివే.

పర్సంటైల్ అంటే ఏమిటో ముందు తెలుసుకోవాలి. ఒకే వయసున్న 100 మంది బిడ్డల్ని బరువు ప్రకారం వరుసలో నిలబెడితే, కింది నుంచి పదో స్థానం పదో పర్సంటైల్. మన స్కాన్ మెషీన్లలో ఎక్కువగా ఉండే హాడ్‌లాక్ పట్టిక ప్రకారం 35 వారాలకి నడిమి బరువు దాదాపు 2,600 గ్రాములు, పదో పర్సంటైల్ సుమారు 2,150. మన ఇద్దరు బిడ్డలూ ఏడో స్థానం దగ్గర ఉన్నారు. అయితే 100 మందీ పూర్తి ఆరోగ్యంగా ఉన్నా, వరుసలో కింద పది మంది ఎప్పుడూ ఉంటారు. అందుకే పదో పర్సంటైల్ కిందకి వచ్చిన బిడ్డల్లో సగానికి పైగా పుట్టుకతోనే చిన్న కొలత ఉన్నవాళ్ళు, జబ్బుపడినవాళ్ళు కారు. పైగా ఆ హాడ్‌లాక్ పట్టికని 1991లో అమెరికాలోని టెక్సాస్‌లో 392 మంది గర్భిణుల కొలతల నుంచి తయారు చేశారు. వాళ్ళలో చాలామంది మధ్యతరగతి తెల్లజాతి స్త్రీలు. ఆ తర్వాత ఎనిమిది దేశాల్లో ఆరోగ్యవంతులైన తల్లుల్ని కొలిచి ఇంటర్‌గ్రోత్ అనే పట్టిక తెచ్చారు. ఆ ఎనిమిదింటిలో మన దేశం నుంచి నాగపూర్ ఉంది. 148 సెంటీమీటర్ల ఎత్తున్న మన అమ్మాయి బిడ్డని ఏ పట్టికతో పోల్చారన్నది రిపోర్టు చదివేవాళ్ళు అడగదగ్గ ప్రశ్న.

అంచనా బరువులోనూ పొరపాటుకి చోటుంది. మెషీన్ బిడ్డని తూకం వేయదు. తల, పొట్ట, తొడ ఎముక కొలిచి సూత్రంతో లెక్కగడుతుంది. ఆ లెక్కలో 10 నుంచి 15 శాతం తేడా మామూలే. 2,080 అని రాస్తే అసలు బరువు 1,800 కావచ్చు, 2,350 కావచ్చు. ఒక్క స్కాన్‌లో వచ్చిన ఒక్క అంకె మీద కాన్పు నిర్ణయం తీసుకోవడం అందుకే సరికాదు.

మరి ఇద్దరు బిడ్డల్నీ విడదీసేది ఏమిటి? మొదటిది, ఇప్పటిదాకా ఎదిగిన తీరు.

మొదటి బిడ్డ 28 వారాల నాడు కూడా ఏడో పర్సంటైల్ దగ్గరే ఉంది. 32 వారాలకి 1,560 గ్రాములు, అదీ ఏడో స్థానమే. ఇప్పుడు 35 వారాలకి 2,080. ఒకే గీత మీద నడుస్తోంది, మూడు వారాల్లో 500 గ్రాములకి పైగా పెరిగింది. తల, పొట్ట, తొడ ఎముక మూడూ ఒకే పాళ్ళలో చిన్నవి.

రెండో బిడ్డ 28 వారాలకి 1,290 గ్రాములతో నడిమి కన్నా పైన ఉంది, దాదాపు 70వ స్థానంలో. 32 వారాలకి 1,760 గ్రాములకి చేరింది. చూడ్డానికి బాగానే ఉన్నా, స్థానం 23కి దిగజారింది. 35 వారాలకి ఏడో స్థానం. మూడు వారాల్లో పెరిగింది 320 గ్రాములే. తల దాదాపు వయసుకి తగ్గట్టే ఉంది, పొట్ట చుట్టుకొలత మాత్రం బాగా వెనకబడింది. పొట్టలో ముఖ్యంగా ఉండేది కాలేయం. పోషకాలు తగ్గితే బిడ్డ ముందు కాలేయంలోని నిల్వల్ని వాడుకుంటుంది, అందుకే పొట్ట చిక్కుతుంది. బిడ్డ ఎంత చిన్నగా ఉందన్నదాని కన్నా, ఉన్న చోటు నుంచి ఎంత జారిందన్నదే ఎక్కువ చెబుతుంది. 2016లో ప్రపంచంలోని నిపుణులు కలిసి ఎదుగుదల లోపానికి ఇచ్చిన నిర్వచనంలో 50 స్థానాలకి మించి జారడం కూడా ఒక గుర్తు. ఈ బిడ్డ 60కి పైగా జారింది.

ఈ లెక్కంతా ఒక్క దాని మీద నిలబడి ఉంది, వారాలు సరిగ్గా తెలియడం మీద. ఇక్కడే మన దగ్గర ఎక్కువ తప్పు జరుగుతుంది. వారాల్ని సరిగ్గా తేల్చగలిగేది మూడో నెలలో, అంటే 11 నుంచి 14 వారాల లోపు చేసే స్కాన్. అప్పుడు బిడ్డ తల నుంచి పిరుదుల దాకా కొలిచిన పొడవుకి నాలుగైదు రోజులకి మించి తేడా ఉండదు. ఆ తర్వాత ఎన్ని స్కాన్లు చేసినా ఆ తేదీ మార్చకూడదు. కానీ మెషీన్ ప్రతిసారీ ఆ రోజు కొలతల్ని బట్టి కొత్త వయసు, కొత్త డ్యూ డేటు ముద్రిస్తూనే ఉంటుంది. మన రెండో తల్లి రిపోర్టులో "32 వారాల 5 రోజులు" అని వస్తుంది. "డేటు రెండు వారాలు వెనక్కి వెళ్ళింది" అని ఇంట్లో అనుకుంటారు, కొన్నిచోట్ల డాక్టరు కూడా కార్డు మీద ఆ కొత్త డేటే రాసేస్తారు. అంతే, ఎదగని బిడ్డ కాస్తా కాగితం మీద వయసు తక్కువైన మామూలు బిడ్డ అయిపోతుంది. జబ్బు పోలేదు, కనబడకుండా పోయిందంతే. అందుకే మూడో నెల స్కాన్ కాగితం మొదటి కాన్పు నుంచి చివరి కాన్పు దాకా ఫైల్లో పదిలంగా ఉండాలి. పుట్టింటికి వెళ్ళినా, ఆస్పత్రి మారినా ఆ కాగితం కూడా వెళ్ళాలి. టిఫా స్కాన్ కన్నా దానికే ఎక్కువ విలువ ఉందని ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా చెబుతాను.

ఇక రెండో ఆధారం డాప్లర్. స్కాన్ మెషీన్‌లోనే ఒక మీట నొక్కితే రక్తం ఎటు పారుతోందో, ఎంత వేగంగా పారుతోందో తెర మీద అలలుగా కనిపిస్తుంది. కదులుతున్న దాని నుంచి వచ్చే ధ్వని మారుతుందన్న సూత్రాన్ని క్రిస్టియన్ డాప్లర్ 1842లో ప్రతిపాదించారు. బొడ్డుతాడులోని రక్తప్రవాహాన్ని ఈ పద్ధతిలో మొదట చూపింది 1977లో డబ్లిన్ డాక్టర్లు. అదనంగా సూది గుచ్చేది లేదు, నొప్పి లేదు, ఖర్చు కూడా మామూలు స్కాన్ కన్నా కొంచెమే ఎక్కువ.

ఎదుగుదల లోపానికి ఎక్కువగా మూలం మాయే. గర్భం తొలి నెలల్లో మాయ కణాలు గర్భసంచి గోడలోని సన్నని ధమనుల్లోకి చొరబడి వాటిని వెడల్పు చేయాలి. ఆ పని సగంలో ఆగితే ధమనులు ఇరుకుగానే ఉండిపోతాయి, మాయకి రక్తం తగ్గుతుంది, దాని లోపలి సన్నని రక్తనాళాలు క్రమంగా మూసుకుపోతాయి. బిడ్డ గుండె బొడ్డుతాడులోని రెండు ధమనుల ద్వారా మాయలోకి రక్తాన్ని తోస్తుంది. మాయ మెత్తగా, తెరుచుకుని ఉంటే గుండె ముడుచుకున్నప్పుడే కాదు, సేదతీరే క్షణంలోనూ రక్తం ముందుకే పారుతుంది. మాయ బిగుసుకుపోతున్న కొద్దీ ఆ సేదతీరే క్షణంలోని ప్రవాహం తగ్గుతుంది. ఇంకా ముదిరితే ఆగిపోతుంది. అతి తీవ్రమైతే రక్తం వెనక్కే తిరుగుతుంది. ఈ బిగువుని కొలిచే అంకెని పీఐ అంటారు. బొడ్డుతాడులో పీఐ పెరిగిందంటే మాయ ఎదురు నిలుస్తోందని అర్థం.

బిడ్డ ఊరికే కూర్చోదు. అందేది తగ్గినప్పుడు, చేతిలో డబ్బు తగ్గిన ఇల్లు ముందు బియ్యం కొని మిగతా ఖర్చులు ఆపినట్టు, బిడ్డ శరీరం మెదడుకి, గుండెకి రక్తం పంపి మిగతా చోట్ల తగ్గిస్తుంది. కిడ్నీలకి తగ్గితే మూత్రం తగ్గి ఉమ్మనీరు తగ్గుతుంది. మెదడు రక్తనాళాలు మాత్రం వెడల్పవుతాయి, అక్కడి పీఐ పడిపోతుంది. మెదడు పీఐని బొడ్డుతాడు పీఐతో భాగిస్తే వచ్చే అంకెని సీపీఆర్ అంటారు. ఆరోగ్యవంతమైన బిడ్డలో మెదడు వైపు బిగువు ఎక్కువ, మాయ వైపు తక్కువ, కాబట్టి ఆ అంకె 1 కన్నా బాగా పైనే ఉంటుంది. 1 కిందకి పడిందంటే ఏ పట్టిక చూసినా అది తక్కువే.

ఇప్పుడు మన ఇద్దరి అంకెలు చూద్దాం. మొదటి బిడ్డ బొడ్డుతాడు పీఐ 0.85, మెదడు పీఐ 1.75. సీపీఆర్ 2కి పైన. తల్లి గర్భసంచి ధమనుల్లో రక్తం ధారాళంగా పారుతోంది. ఉమ్మనీరు సరిపడా ఉంది, బీపీ మామూలుగా ఉంది, బిడ్డ చురుగ్గా తన్నుతోంది. ఇది చిన్న బిడ్డ, అంతే.

రెండో బిడ్డ బొడ్డుతాడు పీఐ 1.10. ఇది 35 వారాలకి మామూలు హద్దులోనే ఉంది. అక్కడితో ఆగితే "డాప్లర్ నార్మల్" అని రాసి పంపేయవచ్చు, చాలా రిపోర్టులు అలాగే రాస్తారు కూడా. కానీ మెదడు పీఐ 1.05. సీపీఆర్ 0.95. మెదడు తనని తాను కాపాడుకుంటోంది. ఈ అంకెల వెనక ఉన్న సంగతి చాలామందికి తెలియదు. బొడ్డుతాడు డాప్లర్ మారాలంటే మాయలో దాదాపు మూడో వంతు రక్తనాళాలు దెబ్బతినాలి. 32 వారాల తర్వాత మొదలయ్యే ఎదుగుదల లోపంలో మాయ అంతగా పాడవదు, కానీ పెద్దదైన బిడ్డ అవసరాలకి అది చాలదు. అందుకే ఎనిమిదో నెల తర్వాత బొడ్డుతాడు అంకె ఒక్కటే చూసి బిడ్డ క్షేమంగా ఉందనుకోవడానికి వీల్లేదు, మెదడు అంకె కూడా కావాలి. రిపోర్టులో ఆ అంకె లేకపోతే "మెదడు డాప్లర్ చూశారా అండీ?" అని అడగడం తప్పేమీ కాదు.

ఈ అంకెలూ తప్పు రావచ్చు. బొడ్డుతాడుని బిడ్డ పొట్ట దగ్గర కొలిస్తే పీఐ ఎక్కువ వస్తుంది, మాయ దగ్గర కొలిస్తే తక్కువ వస్తుంది. నీటిలో తేలే నడిమి భాగంలో కొలవాలి. బిడ్డ ఊపిరి కదలికలు చేస్తున్నప్పుడు, గట్టిగా తన్నుతున్నప్పుడు కొలిస్తే అలలు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తాయి. తల మీద ప్రోబ్ గట్టిగా నొక్కితే మెదడు పీఐ కృత్రిమంగా పెరిగి అసలు ఇబ్బంది కప్పడిపోవచ్చు. అందుకే తేడా కనిపించిన రోజే కాన్పు అనరు. కనీసం 12 గంటల తర్వాత మళ్ళీ చూస్తారు. మన రెండో తల్లికి మర్నాడు కూడా సీపీఆర్ 0.97 వచ్చింది. కాబట్టి ఇది నిజమే.

మరి ఎప్పుడు కాన్పు చేయాలి? 35 వారాల బిడ్డని అప్పటికప్పుడు తీసేస్తే ఊపిరి, పాలు తాగడం, పచ్చకామెర్లు, చక్కెర పడిపోవడం వంటి ఇబ్బందులు ఎక్కువ. రెండో బిడ్డకి బొడ్డుతాడు ప్రవాహం బాగానే ఉంది కాబట్టి కొంత గడువు దొరుకుతుంది. ఆమెని వారానికి రెండుసార్లు పిలిచి డాప్లర్, బిడ్డ గుండె కొట్టుకునే తీరు, ఉమ్మనీరు చూశారు. బీపీ, మూత్రంలో ప్రోటీన్ కూడా చూశారు, ఎందుకంటే ఇదే మాయ లోపం తల్లికి బీపీ తెస్తుంది. 37 వారాలకి బిడ్డ బరువు 2,210కే చేరింది. ఇక ఆగడంలో లాభం లేదని నిర్ణయించి, గర్భసంచి ముఖం మెత్తబడటానికి ఫోలే బెలూన్ పెట్టి నొప్పులు రప్పించారు. బిడ్డకి అందే ఆక్సిజన్‌లో మిగులు తక్కువ, బలమైన నొప్పులు దాన్ని ఇంకా తగ్గించవచ్చు. అందుకని మందుల కన్నా బెలూన్ మేలనుకున్నారు, నొప్పులున్నంతసేపూ గుండె చప్పుడు ఆపకుండా గమనించారు. మామూలు కాన్పే అయింది. పుట్టాక చక్కెర పడిపోకుండా వెంటనే తల్లిపాలు పట్టి, తల్లి గుండెకి హత్తుకుని వెచ్చగా ఉంచారు, కొన్ని గంటలకోసారి చక్కెర పరీక్ష చేశారు.

ఇక్కడ మార్గదర్శకాలు ఒకే మాట చెప్పడం లేదని చదువరి తెలుసుకోవాలి. బార్సిలోనా డాక్టర్ల పద్ధతిలో మెదడు డాప్లర్ మారితే 37 వారాలకి కాన్పు. అంతర్జాతీయ అల్ట్రాసౌండ్ నిపుణుల సంఘం 2020లో ఇచ్చిన సలహా ప్రకారం అది 38 వారాల దాకా ఆగవచ్చు. అమెరికా నిపుణుల సంఘం మెదడు డాప్లర్ మీద కాన్పు సమయం నిర్ణయించమని చెప్పదు. అయితే బరువు మూడో పర్సంటైల్ కన్నా తగ్గితే డాప్లర్ బాగున్నా 37 వారాల ప్రాంతంలో కాన్పు చేయాలన్న దగ్గర అందరి మాటలూ దాదాపు కలుస్తాయి. అంత చిన్న కొలతలో లోపం దాగి ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి. ఇద్దరు డాక్టర్లు మీకు ఒక వారం తేడాతో రెండు తేదీలు చెబితే వాళ్ళలో ఒకరు తప్పు చెబుతున్నారని అనుకోనక్కర్లేదు.

మొదటి తల్లి సంగతి తేలికే. ఆమె బిడ్డని రెండేసి వారాలకి డాప్లర్‌తో చూస్తూ, 39 వారాలు నిండాక కాన్పు చేశారు. బిడ్డ 2,700 గ్రాములు. నెదర్లాండ్స్‌లో 650 మంది తల్లులతో చేసి 2010లో ప్రచురించిన డిజిటాట్ పరీక్షలో, నెలలు నిండబోతూ చిన్నగా ఉన్న బిడ్డల్ని వెంటనే పుట్టించినా, జాగ్రత్తగా గమనిస్తూ ఆగినా, బిడ్డలకి కలిగిన ఇబ్బందుల్లో పెద్ద తేడా కనబడలేదు. అయితే 38 వారాలకి ముందే పుట్టినవాళ్ళు నవజాత శిశు విభాగంలో ఎక్కువగా చేరాల్సి వచ్చింది. అంటే డాప్లర్ బాగున్న చిన్న బిడ్డని 37 వారాలకే "బరువు లేదు, తీసేద్దాం" అనడం ఆ బిడ్డకి మేలు చేయదు. మన దగ్గర ఇంకో కారణంతోనూ ఇదే జరుగుతోంది, ముహూర్తం. డాప్లర్ బాగున్న బిడ్డని ముహూర్తం కోసం రెండు వారాలు ముందుకి తేవడం, డాప్లర్ చెడిన బిడ్డని ముహూర్తం కోసం మూడు రోజులు ఆపడం, రెండూ బిడ్డకి అపాయమే. రెండోది మరీ భరించలేనిది. ఆ మూడు రోజుల్లో ఏమవుతుందో ఏ పంచాంగమూ చెప్పదు.

ఇదంతా చివరి నెలల సంగతి. ఏడో నెలలోనే మొదలయ్యే లోపం వేరు. అక్కడ కథ బొడ్డుతాడులోనే నడుస్తుంది, ఆస్పత్రిలో చేరడం తప్పదు. 29 వారాలకి బిడ్డ బరువు 900 గ్రాములు, తల్లికి బీపీ, బొడ్డుతాడులో సేదతీరే క్షణపు ప్రవాహం ఆగిపోయి ఉంది అనుకుందాం. మాయలో సగానికి పైగా చెడిపోయిందని అర్థం. అయినా ఆ రోజే కాన్పు అనరు. కడుపులో ఉండే ప్రతి రోజూ ఊపిరితిత్తులకి, మెదడుకి లాభమే. కడుపులోనే చనిపోయే ప్రమాదం ఆ లాభాన్ని ఎప్పుడు మించుతుందన్నదే ప్రశ్న.

దానికి జవాబు చెప్పేది డక్టస్ వీనోసస్ అనే చిన్న సిర. బొడ్డుతాడు నుంచి వచ్చే మంచి రక్తంలో కొంత భాగం కాలేయం దాటి నేరుగా గుండెకి చేరే దారి అది. బిడ్డ గుండె పై గది ముడుచుకునేటప్పుడు కూడా ఆ సిరలో రక్తం గుండె వైపే పారాలి. గుండె అలసిపోతే ఆ క్షణంలో ప్రవాహం ఆగుతుంది, లేదా వెనక్కి తిరుగుతుంది. యూరప్‌లోని 20 ఆస్పత్రుల్లో 503 మంది తల్లులతో జరిగిన ట్రఫుల్ పరీక్ష 2015లో చూపింది ఇదే. 32 వారాల లోపు బిడ్డల్లో గుండె చప్పుడు తగ్గుదలని మాత్రమే చూసి కాన్పు చేసిన గుంపులో, బతికిన పిల్లల్లో 85 శాతం మంది రెండేళ్ళ వయసుకి నరాల లోపం లేకుండా ఉన్నారు. ఈ సిరలో ఆ ప్రవాహం పూర్తిగా మాయమయ్యేదాకా ఆగిన గుంపులో 95 శాతం. కానీ గుర్తుంచుకోవాల్సింది, ఆ గుంపులో కూడా గుండె చప్పుడుని కంప్యూటర్‌తో రోజూ చూశారు, అది మరీ పడిపోతే ఆగలేదు. ఆ సదుపాయం లేని చోట "సిర బాగుంది కదా" అని ఆగడం ఆ పరీక్ష చెప్పిన మాట కాదు.

మన 29 వారాల తల్లికి ఊపిరితిత్తులు పదును పడటానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో వాడే డెక్సామెథాసోన్ అయితే 12 గంటలకొకటి చొప్పున నాలుగు మోతాదులు. బీపీ మందులు మొదలుపెట్టి, డక్టస్ వీనోసస్‌ని ఒకటి రెండు రోజులకోసారి చూశారు. 31 వారాలకి బొడ్డుతాడులో రక్తం వెనక్కి తిరగడం మొదలైంది. మెదడు రక్షణకి మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చి, సిజేరియన్ చేశారు. బిడ్డ బరువు 1,050 గ్రాములు. మంచి నవజాత శిశు విభాగం ఉన్న ఆస్పత్రిలో ఇలాంటి బిడ్డ నిలదొక్కుకునే అవకాశం బాగానే ఉంటుంది. ప్రవాహం ఆగడం దగ్గరే నిలిచిపోయి ఉంటే 33, 34 వారాల దాకా లాగేవాళ్ళు. ఇటువంటి తల్లిని వారాల ముందే అలాంటి ఆస్పత్రికి పంపడం, బిడ్డ పుట్టాక అంబులెన్సులో పంపడం కన్నా ఎంతో మేలు.

ఇక్కడే పెద్దవాళ్ళు ఒక మాట అంటారు. "ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదమ్మా." ఇది నిజం కాదు. ఒకే లోపమున్న బిడ్డల్లో వారాలు పెరిగేకొద్దీ బతికే అవకాశం పెరుగుతుందే తప్ప తగ్గదు. 34 వారాలకి కాన్పు అవసరమని డాక్టరు చెప్పినప్పుడు ఈ నమ్మకంతో తొమ్మిదో నెల దాకా ఆగుదామనడం, అప్పటికే ఊపిరాడని బిడ్డని ఇంకా బిగించడమే.

ఎదుగుదల లోపానికి తల్లి తిండి కారణం అని నిందించడం కూడా ఆపాలి. రక్తహీనత, సరిపడని పోషణ ఉంటే అవి సరిచేయాల్సినవే. కానీ మాయ దారి మూసుకుపోయినప్పుడు తల్లి రోజుకి ఆరు గుడ్లు తిన్నా అవి బిడ్డకి చేరవు. ప్రోటీన్ పౌడర్లు, సెలైన్‌లో ఎక్కించే అమైనో ఆమ్లాలు, మంచం దిగకుండా పడుకోబెట్టడం, వీటిలో దేనికీ ఈ లోపాన్ని తిప్పగలదన్న రుజువు లేదు. రక్తనాళాల్ని వెడల్పు చేస్తుందని సిల్డెనఫిల్ మాత్రని నెదర్లాండ్స్‌లో పరీక్షించారు. పుట్టిన పిల్లల్లో ఊపిరితిత్తుల సమస్యలతో మరణాలు కనబడటంతో 2018లో ఆ పరీక్షని మధ్యలోనే ఆపేశారు. ఇప్పటికి ఉన్న చికిత్స సరైన సమయంలో కాన్పు ఒక్కటే.

ఇంట్లో తల్లి చేయగలిగింది ఒకటుంది, బిడ్డ కదలికలు గమనించడం. రోజూ ఉండే తీరు తనకే తెలుస్తుంది. అది తగ్గిందనిపిస్తే తీపి తాగి మర్నాటి దాకా చూడకుండా ఆ రోజే, ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్ళాలి. నిన్న డాప్లర్ బాగుందన్నది ఇవాళ్టి కదలికలకి జవాబు కాదు. మాయ కొంచెం ఊడివస్తే, తల్లికి రక్తస్రావం గానీ విడవని పొట్ట నొప్పి గానీ వస్తే, నిన్నటి అలలు బాగున్నా ప్రమాదమే. డాప్లర్ ముందే కనిపెట్టలేనివి కొన్ని ఉంటాయి.

ఒకసారి ఇలా అయినవాళ్ళకి మళ్ళీ అయ్యే అవకాశం మిగతావాళ్ళకన్నా ఎక్కువ. అందుకే కాన్పయ్యాక మాయని పరీక్షకి పంపించి ఆ రిపోర్టు దాచుకోవాలి. మళ్ళీ గర్భం వచ్చినప్పుడు మొదటి నెలల్లోనే ఆ కాగితం, బిడ్డ పుట్టిన వారం, బరువు డాక్టరుకి చూపించాలి. అవసరమనుకుంటే 16 వారాలు నిండకముందే రాత్రిపూట తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. ఆ వారాలు దాటాక మొదలుపెడితే దానివల్ల లాభం తగ్గిపోతుంది, ఎందుకంటే మాయ గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయే పని అప్పటికి చాలావరకు అయిపోతుంది.